ఇంకా బాగుండాల్సిన సీను

లైట్లు వెలిగాక మొదట నోరు విప్పింది నిర్మాతగారి బావమరిది.

"అంతా బాగుంది గానీ బావా, ఆవిడ కోర్టుకెందుకొచ్చింది?" అన్నాడు.

జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియో వెనక ఉన్న చిన్న ప్రివ్యూ థియేటర్ అది. మధ్యాహ్నం మూడున్నర అయివుంటుంది. ఎడిటరు కూర్చిన పద్నాలుగు రీళ్లు చూసి లేచాం. డబ్బింగు ఇంకా కాలేదు. షూటింగులో పట్టిన మాటలే, ఫ్యాన్ల రొదతో, ఎవరో దగ్గిన చప్పుడుతో సహా వినిపించాయి. ఆ బావమరిది అదే రోజు పొద్దున రైలు దిగాడు. కథ తెలియదు. ఆ గదిలో కథ తెలియని మనిషి అతనొక్కడే.

"ఎందుకేంట్రా, సాక్ష్యం చెప్పడానికి," అన్నారు నిర్మాత.

"అదే. ఇంటర్వెల్ తర్వాత స్టేషన్‌కెళ్లి కేసు వాపసు తీసుకుంది కదా. నాకేం తెలీదు, నేనేం చూడలేదు అనేసింది. మళ్లీ ఏమైందని వచ్చింది? మధ్యలో ఏదన్నా రీలు మర్చిపోయారా?"

డైరెక్టరు నావైపు చూశారు. నేను మా వెనక వరసలో కూర్చున్న మాస్టారివైపు చూశాను. ఆయన తెరవైపే చూస్తున్నారు, దానిమీద ఏమీ లేకపోయినా.

స్టేషన్ సీను మొదట రాసింది మాస్టారు. బాగుచేసింది నేను.

ఇది ఎనభైల చివరి మాట. నేను అప్పటికి పదమూడేళ్లుగా ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్ని. ఆదివారాలు సినిమా పేజీ కూడా నాకే అంటగట్టారు. అలా ఈ డైరెక్టరుతో పరిచయం. ఒకరోజు ఆఫీసుకు ఫోన్ చేసి, "గురువుగారూ, ఒక సీను ఉంది. చిన్న పని. కాస్త చూడాలి," అన్నారు. సెలవురోజున ఫిల్మ్‌నగర్ వెళ్లాను. ఆటోవాడు కొండ ఎక్కనని కిందే దింపేశాడు. బండరాళ్ల మధ్య సగం కట్టిన ఇళ్లు, వాటి మధ్య ఒక గెస్ట్‌హౌస్. లోపల చాప మీద డైరెక్టరు, కుర్చీలో నిర్మాత. నిర్మాతది కృష్ణాజిల్లా, రైసుమిల్లు వ్యాపారం. అంతకుముందు ఒకే ఒక్క సినిమా తీశారు.

సినిమాలో ఒక వదిన ఉంది. మరిది ఒక మనిషిని కొట్టి చంపడం ఆమె కళ్లారా చూసింది. ముందు ఫిర్యాదు ఇస్తుంది. తర్వాత స్టేషన్‌కి వచ్చి వాపసు తీసుకుంటుంది. చివర్లో ఎవరూ పిలవకుండానే కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతుంది. కథంతా ఆ మూడు మెట్ల మీదే నిలబడింది. నాకిచ్చింది మధ్య మెట్టు. నాలుగు పేజీలు. కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఎడమపక్క ఏం జరుగుతుందో, కుడిపక్క ఎవరేం అంటారో, సినిమావాళ్లు రాసే పద్ధతిలో రాసి ఉంది. చేతిరాత ముత్యాల్లా ఉంది.

"ఎవరు రాశారు?" అని అడిగాను.

"మన మాస్టారు. కరీంనగర్ దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్తాడు. సెలవు పెట్టొచ్చాడు. మొదటి సినిమా," అన్నారు డైరెక్టరు.

"బాగానే ఉందే."

నిర్మాత కుర్చీలో ముందుకు వంగారు. "బాలేదని కాదండీ. ఇంకా బాగుండాలి."

ఆ మాటకు నేను తలూపాను. అక్కడ తలూపకుండా ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఈ కథ లేదు. కానీ పదమూడేళ్లలో నాకా ప్రశ్న వేయాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. మా న్యూస్ ఎడిటరు రోజూ ముప్పైసార్లు, "ఇది కాస్త బాగుచెయ్యవోయ్," అని కాగితం విసిరేవారు. దానర్థం ఏమిటో డెస్కులో అందరికీ తెలుసు. పేజీలో ఎంత జాగా మిగిలిందో అంతలో ఇమడాలి, అసలు విషయం మొదటి వాక్యంలో ఉండాలి, ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పకూడదు, పేజీ కింద ప్రెస్సుకు వెళ్లే వేళకి అందాలి. బాగైందో లేదో కంపోజింగ్ సెక్షనులో తేలిపోయేది. కొలత గోడమీద రాసి ఉన్నట్టే ఉండేది కాబట్టి, అది కొలత అని కూడా నాకు తెలియదు. దాన్ని జేబులో వేసుకుని ఫిల్మ్‌నగర్ కొండెక్కాను.

మోతీనగర్‌లో మా ఇంట్లో కూర్చుని రెండు రోజుల్లో నాలుగు పేజీల్ని రెండు చేశాను. మాస్టారి సీనులో వదిన ఒకే మాట మూడుసార్లు అంటుంది. ఇన్‌స్పెక్టరు బెదిరించినప్పుడు ఒకసారి, అనునయించినప్పుడు ఒకసారి, గుమ్మం దాటబోతూ ఒకసారి: "ఈరోజు మాత్రం చెప్పలేను." మూడూ కొట్టేశాను. వాటి బదులు ఒకే ఒక్క వాక్యం, సూటిగా: "నేనేమీ చూడలేదు." సీను విల్లులా బిగిసింది. నాకు చాలా సంతోషం వేసింది.

గెస్ట్‌హౌస్‌లో డైరెక్టరు ఆ సీనును చదవలేదు, ఆడారు. సినిమాలో అది ఒక ఆచారం. రాసింది ఏదైనా డైరెక్టరు లేచి నిలబడి, అన్ని పాత్రలూ తానే అయి వినిపించాలి. గదిలోవాళ్ల మొహాలే పరీక్ష. ఆయన లేని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనేమీ చూడలేదు," అని గొంతు వణికించేసరికి నిర్మాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బ్రహ్మాండం," అన్నారు. డైరెక్టరుకు ఇంకొంచెం ఏడుపు కావాలనిపించి, పిల్లల ప్రస్తావన ఒకటి తనే చేర్చారు. ఎవరం కాదనలేదు. ఆ గదిలో కథ తెలియనివాళ్లు లేరు. ఆమె చివర్లో కోర్టుకు వస్తుందని మాకందరికీ ముందే తెలుసు కాబట్టి, 'ఈరోజు మాత్రం' అన్న మాట సీనులో లేకపోయినా మాకు వినిపించింది.

అదే పూట నిర్మాత ఇంకొకటి అన్నారు. "టైటిల్స్‌లో కార్డు మీ పేరునే వేద్దామండీ. మాటలు అని. పత్రికవాళ్లు కదా, పేరుకు ఒక విలువుంటుంది."

"మొత్తం రాసింది మాస్టారు కదండీ," అన్నాను.

"ఆయనకి సహకారం అని వేద్దాం లెండి."

నేను వద్దన్నాను. కానీ వద్దనడంలో రకాలున్నాయి. నేనన్నది, రెండోసారి అడిగించుకునే రకం వద్దు.

ఆ కార్డు మాస్టారికి ఏమిటో నాకు తర్వాత తెలిసింది. రచయితల సంఘంలో చేరాలంటే తెరమీద 'మాటలు' కింద పేరు పడ్డ సినిమా ఒకటైనా ఉండాలి. సహకారాలు లెక్కలోకి రావు. సంఘంలో లేకపోతే రెండో సినిమా ఎవరూ ఇవ్వరు. ఆయన జీతం లేని సెలవు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఈలోగా సభ్యత్వం వస్తే ఇక్కడ, రాకపోతే మళ్లీ కరీంనగర్ బస్సు.

సీను తీశారు. వదిన వేషం వేసిన పెద్దావిడ ఒకే రోజులో చేసేశారు. పోలీస్‌స్టేషన్ సెట్ పీకేశారు. ఆవిడ మరో సినిమాకి మద్రాసు వెళ్లిపోయారు. అప్పుడు పద్నాలుగు రీళ్లు, అప్పుడు బావమరిది.

ఆ సాయంత్రమే నేను యూసుఫ్‌గూడలో మాస్టారి గదికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. క్షమాపణకని అనుకున్నాను, దారిలో వాదనలు కూడా తయారుచేసుకున్నాను. ఆయన స్టవ్వు మీద టీ పెట్టారు.

"సార్, మీరు బాగనే చేసిండ్రు. నేను చదివిన. చదువుతుంటే నాది మీదంత మంచిగ లేదనిపించింది," అన్నారు.

"మరి?"

"గని ఏం గావాల్నని బాగ చేసిండ్రు? అది తెల్వకనే అడుగుతున్న."

నేను ఆలోచించాను. "బిగువుగా ఉండాలని."

"ఎవలన్నరు బిగువు గావాల్నని?"

ఎవరూ అనలేదు.

"మా బళ్లె పిల్లలు వ్యాసం తెచ్చి, సార్ జర మంచిగ చేసియ్యున్రి అంటరు. నేను పెన్ను పట్ట. దేనికిరా అంట. పాసు గావాల్నంటే ఒక తీరు దిద్దుత. జిల్లాల ఫస్టు రావాల్నంటే ఇంకో తీరు. వాళ్ల నాయనకు సదివి వినిపిస్తనంటే ఇంకో తీరు. మూడింటికీ ఒక్కతీరు దిద్దితే మూడూ ఖరాబైతయి." ఆయన టీ వడపోస్తూ నవ్వారు. "మూడుసార్లు ఒకటే మాట ఎందుకు రాసిన్నో ఎవలన్న అడుగుతరేమో అనుకున్న. అడిగితే చెప్దామని కూసున్న. ఎవలు అడగలే."

"మీరే చెప్పాల్సింది కదా మాస్టారూ."

"కొత్తోన్ని సార్. పెద్దోల్లు మాట్లాడుతుంటే నడుమ ఏం మాట్లాడుత? గది కూడ తప్పే."

మర్నాడు గెస్ట్‌హౌస్‌లో నలుగురం కూర్చున్నాం. తీసిన సీను మళ్లీ తీయడం కుదరదు. ఉన్న దారి ఒక్కటే. ఆ పెద్దావిడ డబ్బింగుకు ఒక పూట వస్తారు. సీను చివర్లో ఆమె వీపు కెమెరావైపు పెట్టి గుమ్మంవైపు నడిచే షాటు ఒకటుంది. పెదాలు కనిపించవు కాబట్టి, ఆ నడకలో ఏ మాటైనా కలపొచ్చు. ఎడిటరు అప్పటికే కొలిచి చెప్పారు, ఆరు సెకన్లు.

"ఇంకేం. మాస్టారూ, ఆ ఆరు సెకన్లకి మంచి మాట రాయండి. సీను బాగైతే కార్డు మీదే. నా మాట," అన్నారు నిర్మాత.

నేను మాస్టారి మొహం చూశాను. ఆయన జేబులోంచి పెన్ను తీస్తారనుకున్నాను. తీయలేదు.

"బాగైతే అంటే ఏంది సార్?"

"బాగైతే అంటే... బాగైతేనండీ!"

"మీకు బాగంటే ఏంది, డైరెక్టరుగారికి బాగంటే ఏంది, అది ముందుగాల చెప్పున్రి. తర్వాత రాస్త."

డైరెక్టరు విసుక్కున్నారు. "నాకేముంది, చప్పట్లు పడాలి. ఆమె అలా వెళ్లిపోతుంటే హాలు హోరెత్తాలి."

"చప్పట్లా?" అన్నారు నిర్మాత ఆశ్చర్యంగా. "నాకు చప్పట్లొద్దయ్యా బాబూ. పోయిన సినిమాకి ఇంటర్వెల్ అయిన పావుగంటకి సగం హాలు బయటికెళ్లి సోడాలు తాగారు. సరిగ్గా ఆ చోటే ఈ సీనుంది. జనం కదలకూడదు. అందుకే కదా బాగుండాలన్నాను!"

"ఆ సంగతి మాకెప్పుడు చెప్పారు?"

"మా ఆవిడకి చెప్పాను," అన్నారు నిర్మాత. తర్వాత కొంచెం ఆలోచించి, "మీకు చెప్పలేదా?" అన్నారు.

ముగ్గురం మూడు వేర్వేరు సీన్లను బాగుచేస్తున్నామని నాకప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక తేలికపడాలి. నాకు మాత్రం ఇంకా గందరగోళమైంది. ఎందుకంటే ముగ్గురం చెప్పినవీ తప్పు కాదు. సీను బిగువుగా ఉంటే తప్పేముంది? జనం లేవకపోతే తప్పేముంది?

మాస్టారు మాత్రం ఒక కాగితం మీద రాసుకుంటున్నారు. "చప్పట్లు, సోడాలు రిలీజు రోజు దాక తెల్వయి. ఇప్పుడు మనకు ఫికర్ బావమరిదిగారు అడిగిన దానిది. ఈ సీను చూసినోనికి, ఈమె కత అయిపోలేదని అనుమానం రావాలె. కోర్టుకు వస్తదని మాత్రం ముందుగాలనే తెల్వద్దు, తెలిస్తే కోర్టుల మజా ఉండది. గిది ఒక్కటి ఒప్పుకుంటరా?"

ఒప్పుకున్నాం.

"అయిందో లేదో ఎట్ల తెలుస్తది?"

"నేను చూస్తే తెలుస్తుంది," అన్నారు డైరెక్టరు.

"మీకు కత తెలుసు సార్. మీకు ఎట్ల తెలుస్తది?"

చివరికి ఇలా నిర్ణయమైంది. కథ తెలియని ముగ్గురికి సినిమా మొదటినుంచి ఆ సీను దాకా చూపించాలి. అక్కడ ఆపి, ఈమె మళ్లీ నోరు విప్పుతుందా అని అడగాలి. మాస్టారు ఇంకొక్కటి అడిగారు. "ముగ్గుర్ల ఎందరు ఏమంటే బాగైనట్టు?"

"అబ్బా, అదంతా అప్పుడు చూసుకుందాం లెండి," అన్నారు నిర్మాత, లేచి చెప్పులు వేసుకుంటూ.

మాస్టారు నావైపు చూశారు. నేను ఆ కొలత కూడా ఇప్పుడే తేల్చమని అనాల్సింది. నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. అనలేదు.

డబ్బింగు రోజు నేనూ వెళ్లాను. మాస్టారు రాసింది పాత మాటే, మూడుసార్ల బదులు ఒకసారి. నడకలో రెండడుగులు మౌనం, తర్వాత "ఈరోజు మాత్రం చెప్పలేను." పెద్దావిడ అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని, "ఎవరితో అంటున్నాను? ఇన్‌స్పెక్టరుతోనా, నాలో నేనా?" అని అడిగారు.

"మీలో మీరు అమ్మా. గని అతనికి వినపడుతది," అన్నారు మాస్టారు.

"అలా చెప్పు నాయనా. షూటింగు రోజు ఎవరూ చెప్పలేదు. ఊరికే బాగా చేయండమ్మా, బాగా చేయండమ్మా అని నా ప్రాణం తీశారు," అన్నారావిడ. రెండో టేకులో అయిపోయింది.

తర్వాతి వారం ముగ్గురిని కూర్చోబెట్టాం. క్యాంటీన్‌లో టీలు పోసే ఆయన, బోరబండ నుంచి వచ్చే ఒక లైట్‌మాన్, నిర్మాత కారు డ్రైవరు. సీను అవగానే ఆపరేటరు రీలు ఆపాడు. మాస్టారే లేచి అడిగారు, గొంతులో మొగ్గు వినిపించకుండా, పరీక్ష హాల్లో అడిగినట్టు.

"విప్పుతది. ఆమె మొఖం జూస్తే తెలుస్తలేదా? కోర్టుకు పోయి మరీ చెప్తది," అన్నాడు క్యాంటీన్ ఆయన.

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "చెప్పదండీ. మా పెద్దొదిన ఇలాగే. ఇవాళ కాదు రేపు, ఇవాళ కాదు రేపు అని ఇరవయ్యేళ్లయింది."

లైట్‌మాన్ ఖాళీ తెరవైపు మళ్లీ చూశాడు. "ఏమో సార్. మనసుల ఏదో పెట్టుకున్నదనిపిస్తుంది. చెప్తదో లేదో గని."

"చూశారా!" అన్నారు నిర్మాత. "ముగ్గురిలో ఇద్దరికి తెలిసింది. బాగైంది."

"ఎక్కడ బాగైందండీ?" అన్నారు డైరెక్టరు. "కోర్టు అని కూడా చెప్పేశాడు మొదటాయన. గుట్టు పోయింది. పాతదే నయం."

"నాకు గావాల్సింది మూడో ఆయన జవాబొక్కటే," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "మొదటాయనకు ఎక్కువ తెలిసింది. డ్రైవరుగారికి తక్కువ తెలిసింది... ఏమో, తక్కువనా? ఇరువై ఏండ్లు అన్నడు గద, అనుమానమైతే వచ్చినట్టే."

ఒక్కొక్కరి మాటా వింటుంటే ఆ మాటే సరైందనిపించింది నాకు. చూసినవాళ్లు ముగ్గురు చెప్పినదాన్ని వీళ్లు ముగ్గురు మూడు రకాలుగా చదువుతున్నారు. ఎన్ని జవాబులొస్తే చాలో ముందు రాసుకుని ఉంటే, ఇప్పుడు ఎవరికి నచ్చినట్టు వాళ్లు లెక్క వేసుకునే వీలుండేది కాదు. ఇంకొకటి కూడా తోచింది. నేను రాసిన సీనును ఆ మాట లేకుండా ఇలాంటి ముగ్గురికి మేమెప్పుడూ చూపించలేదు. ఒక్క బావమరిది అన్న మాట ఉంది, అంతే. అతనొక్కడే మందబుద్ధేమో, ఎవరికి తెలుసు? ముందెలా ఉందో కొలవకుండా, తర్వాత బాగైందని దేనితో పోల్చి చెప్పడం?

బయటికొచ్చాక ఈ మాట పైకి అన్నాను. డైరెక్టరు, "గురువుగారూ, మీరు పత్రికలోనే బాగుంటారు," అన్నారు. అందులో కోపం లేదు.

కొత్త మాట సినిమాలో ఉండిపోయింది. కార్డు సంగతి తేలలేదు. సీను బాగైతే మాస్టారిదని నిర్మాత మాట. బాగైందని ఆయనే అన్నారు. బాగు కాలేదని డైరెక్టరు. పేర్ల జాబితా మద్రాసు ల్యాబుకు నా పేరుతో ఎప్పుడో వెళ్లిపోయింది. నేను నిర్మాత ఇంటికి వెళ్లి, ఈసారి రెండోసారి అడిగించుకోని రకం వద్దు చెప్పాను. ఆయన నా ముందే ల్యాబుకు ఫోన్ చేశారు. అప్పటికే కొన్ని ప్రింట్లు బయటికొచ్చాయట. మిగతావాటికి కార్డు మారుస్తామన్నారు.

సినిమా రెండు వారాలు ఆడింది, కొన్ని ఊళ్లలో మూడు. స్టేషన్ సీనులో జనం సోడాకు లేచారా అని నేను రెండు హాళ్లలో వెనక నిలబడి చూశాను. ఒకదాంట్లో లేచారు, ఒకదాంట్లో లేవలేదు. లేచిన హాల్లో ఫ్యాన్లు తిరగడం లేదు. చప్పట్లు ఎక్కడా వినలేదు. ఒక ఆట అయ్యాక బయటికొస్తున్న ఒకావిడ పక్కనున్నామెతో, "ఆ వదిన మాత్రం మొదటినుంచీ చెప్పాలనే ఉందమ్మా," అంది. నేను ఆమె వెంట నాలుగడుగులు నడిచాను, ఎక్కడ అలా అనిపించిందో అడుగుదామని. అడగలేకపోయాను.

విజయవాడ వెళ్లిన ప్రింట్లో 'మాటలు' కింద నా పేరుందని మా బంధువులు ఉత్తరం రాశారు. కరీంనగర్ హాల్లో తన పేరు పడిందని మాస్టారు చెప్పారు. ఇంటిల్లిపాదీ చూసొచ్చారట. హైదరాబాదులో నేను చూసిన రెండు హాళ్లలో ఒక్కోచోట ఒక్కో పేరు.

సెలవు అయిపోయాక ఆయన బడికి వెళ్లిపోయారు. సభ్యత్వం దరఖాస్తు మాత్రం సంఘంలో ఇచ్చే వెళ్లారు. దానికి తోడుగా, రాసింది ఆయనేనని నేను సంతకం చేసిన కాగితం కూడా పెట్టాం. ఏడాది తర్వాత ఒక పనిమీద ఆ ఆఫీసుకు వెళ్లినప్పుడు అడిగాను. గుమాస్తా ఫైలు వెతికి తీశాడు. రెండు రకాల ప్రింట్లలో ఏది అసలైందో నిర్మాత లిఖితపూర్వకంగా తెలపాలని దానిమీద రాసి ఉంది. నిర్మాతకు ఉత్తరం వెళ్లింది, జవాబు రాలేదు. ఆయన అప్పటికి సినిమాలు మానేసి మిల్లు చూసుకుంటున్నారు. నేనూ రెండుసార్లు రాశాను. నాకు తెలిసినంతవరకు ఆ దరఖాస్తును ఒప్పుకోనూ లేదు, తిప్పి పంపనూ లేదు.